‘గానీ’ వెంట ఏ క్రియ?

సందేహం: “అన్నగానీ చెల్లెలుగానీ రేపు” తరవాత వస్తాడు, వస్తుంది, వస్తారు – వీటిలో ఏది రాయాలి? “రాలేదు” అన్నప్పుడు ఈ చిక్కు ఎందుకు రాదు?

సమాధానం: ‘వస్తారు’ అని రాయండి. అయితే కర్తలు ఇద్దరున్నారు కాబట్టి బహువచనం అనుకోవద్దు. వచ్చేది ఒకరే. ‘గానీ’ పుట్టుక చూస్తే ఆ సంగతి తేటపడుతుంది.

‘పోనిమ్ము’ పోనీ అయింది, ‘రానిమ్ము’ రానీ అయింది. ఆ వరసలోనే ‘కానిమ్ము’ కానీ అయిందని నా నమ్మకం. అంటే “అన్న కానీ, చెల్లెలు కానీ” అన్న మాటలో “అన్నే అవనీ, చెల్లెలే అవనీ” అన్న ఒప్పుకోలు ఉంది. క కాస్తా గ కావడానికి చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రమే ఉంది: ప్రథమమీది పరుషాలకు గసడదవలు బహుళంగా వస్తాయి. ‘వాడు కొట్టె’ వాడు గొట్టె అయినట్టే ఇదీ. ఇద్దరినీ చెరో ‘కానీ’తో ఒప్పుకున్నాక వాక్యం లోలోపల “ఎవరో ఒకరు” అనుకుంటుంది. ‘ఒకరు’ ఒక్క మనిషే అయినా “ఒకరు వస్తారు” అనే అంటాం కదా! ఆ ‘రు’ ఇక్కడ ఆడా మగా తేడాను కూడా దాటేస్తుంది. మనుషులు కానిచోట ‘ఏదో ఒకటి’ పెట్టి చూడండి: “కలంగానీ పెన్సిల్‌గానీ దొరుకుతుంది.” అక్కడ ‘దొరుకుతాయి’ అంటే రెండూ దొరుకుతాయన్న అర్థం తొంగిచూస్తుంది.

ఈ జంటలో ఒకదాన్ని మింగేసి “అన్న కానీ చెల్లెలు వస్తారు” అని రాసేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఒంటరి ‘కానీ’ చదివేవాడికి ‘అయితే’లా వినబడుతుంది. “అన్న లేదా చెల్లెలుగానీ” అని రెండు పద్ధతుల్ని అతికించడం ఇంకా అన్యాయం. ‘లేదా’ రాస్తే ఒక్కటే చాలు, ‘గానీ’ రాస్తే రెండూ ఉండాలి.

ఇక ‘రాలేదు’ సంగతి. ఇందులో ‘లేదు’ అన్నది మనిషిని కాదు, రావడాన్ని. అందుకే నేను, నువ్వు, వాళ్లు – ఎవరికైనా రాలేదే. కాలం మారితే చిక్కు మళ్లీ వస్తుంది. “అన్నగానీ చెల్లెలుగానీ రేపు రారు” అనాలి. ఇక్కడ ఇద్దరూ రానివాళ్లే కాబట్టి ఇది అసలైన బహువచనం.

‘నేను’ చేరితే మాత్రం గట్టి తీర్పు చెప్పలేను. “నేనుగానీ తమ్ముడుగానీ వెళ్తాం” అని జనం అంటారు, తప్పనడానికి నాకు నోరు రాదు. కానీ ఇద్దరూ కలిసి వెళ్తారేమోనన్న అనుమానం అందులో మిగిలిపోతుంది. నేనైతే “నేనైనా వెళ్తాను, తమ్ముడైనా వెళ్తాడు” అని ఎవరి క్రియ వాళ్లకు ఇచ్చేస్తాను.