ఇమ్యూనిటీ బూస్ట్ అయితే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం

ప్రశ్న: మాది తిరుపతి. మా పాపకి ఏడేళ్లు. బళ్లో వేసినప్పటి నుంచి ఒకటిన్నర నెలకోసారి జలుబు. అమెరికా నుంచి మా ఆడబిడ్డ ఎకినేషియా అనే మొక్కతో చేసిన సిరప్ తెచ్చింది, ఇమ్యూనిటీ బూస్ట్ అవుతుందట. ఇవ్వొచ్చా? లేక మన తిప్పతీగ కషాయమే మేలా?

జవాబు: రెండూ వద్దక్కా. నేను డాక్టర్ని కాను, చిత్తూరులో మందుల షాపు నడుపుతున్నా. 2020లో ఇమ్యూనిటీ డబ్బాలు పెట్టెలకి పెట్టెలు అమ్మినవాణ్ణే, ఆ మాట దాచను.

ముందు ఈ 'బూస్ట్' సంగతి. పాపకి ముక్కు కారడం, తుమ్ములు, ఒళ్లు వెచ్చబడటం, ఇవన్నీ చాలావరకు వైరస్ చేసే పనులు కావు. వైరస్‌ని తరమడానికి ఒంట్లోని రక్షణ వ్యవస్థ చేసే హడావిడి. మరి దాన్ని నిజంగానే ఇంకా రెచ్చగొడితే ముక్కు తగ్గుతుందా, ఎక్కువ కారుతుందా? ఇది వాల్యూమ్ బటన్ లాంటిది కాదు, పెంచేకొద్దీ మేలు జరగడానికి. అదుపు తప్పితే సొంత ఒంటినే కొడుతుంది. కోవిడ్ ముదిరి ఆక్సిజన్ మీదున్నవాళ్లకి డెక్సామెథాసోన్ ఇచ్చింది ఆ రక్షణని అణచడానికే, దాంతో కొందరి ప్రాణాలు నిలిచాయి.

మరి డబ్బా మీద అలా ఎందుకు రాస్తారంటే, ల్యాబ్‌లో గాజు గిన్నెలో తెల్ల రక్తకణాల మీద ఆకు రసం పోస్తారు. అవి ఏవో రసాయనాలు వదులుతాయి. బ్యాక్టీరియా ముక్కలు తగిలినా అవి అలాగే వదులుతాయి. దాన్నే బూస్ట్ అని ముద్రిస్తారు. మీ సీసా వెనక చిన్న అక్షరాల్లో చూడండి, ఇది ఏ జబ్బునీ నయం చేయడానికీ నివారించడానికీ కాదని ఉంటుంది. అమెరికా చట్టం ప్రకారం అలాంటి సీసాల మీద ఆ మాట రాయాల్సిందే.

ఎకినేషియాని పిల్లల మీద పరీక్షించి చూశారు. 2003లో అమెరికాలో 2 నుంచి 11 ఏళ్ల పిల్లలు 407 మందిలో కొందరికి ఈ సిరప్, కొందరికి అలాగే కనిపించే ఉత్తుత్తి సిరప్ ఇచ్చారు. ఎవరికేది ఇచ్చారో తల్లిదండ్రులకి తెలీదు. జలుబు రెండు వైపులా సుమారు 9 రోజులే ఉంది. తేడా వచ్చింది దద్దుర్లలో: ఎకినేషియా తాగిన జలుబుల్లో నూటికి 7, ఉత్తుత్తి సిరప్‌లో 3 కూడా లేవు. ఈ మొక్కది చామంతి, వయ్యారిభామల కుటుంబం. వయ్యారిభామ పడని ఒళ్లు మన దగ్గర ఎన్నున్నాయో మీకు చెప్పక్కర్లేదు. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2012లోనే పన్నెండేళ్ల లోపు పిల్లలకి వద్దని చెప్పింది. పెద్దవాళ్లలో నివారణకి కాస్త మొగ్గు కనిపించిందని కొన్ని పరీక్షలు కలిపి చూసినవాళ్లు అన్నారు గానీ, ఒక్కో కంపెనీది ఒక్కో జాతి, ఒకరు వేరు, ఒకరు ఆకు వాడతారు. మీ సీసాలోది ఏ పరీక్షకి సరిపోతుందో ఎవరు చెప్పాలి?

ఇక తిప్పతీగ. ఇక్కడ నాకు కాలింది. 2021లో సెకండ్ వేవ్ భయానికి మా అమ్మ, అప్పటికి 58 ఏళ్లు, ఇంటి వెనక వేపచెట్టుకి పాకిన తీగ జానెడు కోసి, రెండు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసయ్యేదాకా కాచి రోజూ పొద్దున్నే తాగింది. మూడో నెలలో అన్నం సయించలేదు, మూత్రం పసుపు నీళ్లలా వచ్చింది, కళ్లు పచ్చబడ్డాయి. లివర్ పరీక్షలో నలభై లోపు ఉండాల్సిన ఎస్‌జీపీటీ 640. కామెర్ల వైరస్ పరీక్షలన్నీ నెగెటివ్. తిరుపతిలో డాక్టర్ గారు "ఏ కషాయం తాగుతున్నారమ్మా?" అని అడిగేదాకా మా అమ్మ చెప్పనే లేదు. ఆకు మందెలా అవుతుంది అని ఆవిడ లెక్క! ఆపించారు. రెండున్నర నెలలకి లివర్ మామూలైంది. తీగ వల్లేనని నూటికి నూరు చెప్పలేను గానీ, అదే ఏడాది ముంబై డాక్టర్లు ఇలాంటివే ఆరు కేసులు రాశారు. అమ్మకి ఎన్నేళ్లుగానో థైరాయిడ్ తక్కువ, చాలామందిలో అది సొంత రక్షణ వ్యవస్థే గ్రంథిని తినేయడం వల్ల వచ్చేది. అలాంటి ఒంట్లో దాన్ని ఇంకా ఎగదోస్తే ఏమవుతుందో డాక్టర్ గారు బొమ్మ గీసి చూపించారు. ఆయుష్ శాఖ మాత్రం ఆ ముంబై కేసుల్లోది తిప్పతీగ పోలికున్న వేరే తీగ అయ్యుండొచ్చంది. ఉండొచ్చు. మా పెరట్లోది ఏదో నేనూ ఈ రోజుకీ చెప్పలేను.

పాప విషయం: ఈ వయసులో బడికెళ్లే పిల్లలకి ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు మామూలే, ఒక్కో వైరస్‌ని ఒంటికి ఒక్కోసారి పరిచయం చేసుకోవాలి. టీకా చేసేదీ ఆ పరిచయమే, ఒక్క క్రిమికి గురిపెట్టి. ఏడాదిలో రెండుసార్లు నిమోనియా వచ్చినా, చెవి నుంచి పదే పదే చీము కారినా, బరువు పెరగకపోయినా పిల్లల డాక్టర్‌కి చూపించండి. అప్పుడు రక్తపరీక్ష అవసరం, సిరప్ కాదు. ఇప్పటికే నాలుగు చెంచాలు పట్టేసి ఉంటే కంగారు పడకండి, ఆపేసి ఒంటి మీద దద్దుర్లు ఉన్నాయేమో చూడండి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.