ముక్తినాథ్ దారిలో తపాయీ, తిమీ, త: తెలుగులో ఏం రాయాలి?

నేపాల్లోని ముక్తినాథ్ గుడికి వెళ్ళే మన యాత్రికుల కోసం మీరు నేపాలీ నుంచి తెలుగులోకి మార్చిన గైడు సంభాషణ చదివాను. మొదటి నుంచి చివరి దాకా అందరి నోటా 'మీరు' పెట్టేశారు. కాఠ్మాండూకి కొత్తగా వచ్చిన మనవాళ్ళు దాదాపు అందరూ ఇలాగే చేస్తారు. మర్యాదకు లోటు రాకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ అలా రాస్తే ఎవరు పెద్ద, ఎవరు చిన్న, డబ్బు ఎవరి చేతికి వెళ్తుంది అన్నది చదివేవాడికి తెలియకుండా పోతుంది.

ఎదుటి మనిషిని పిలవడానికి నేపాలీలో మర్యాదకు మూడు మెట్లు ఉన్నాయి. 'వెళ్ళు' అనే మాటే కింది మెట్టు నుంచి పైకి తీసుకోండి: త జా, తిమీ జాఊ, తపాయీ జానుస్. తెలుగు క్రియలో రెండే మెట్లు కాబట్టి మూడోదాన్ని పిలుపు మోయాలి. వెళ్ళరా, వెళ్ళు తమ్ముడూ, వెళ్ళండి. పై మెట్టును చెవితో పట్టుకోవడం తేలిక. ఆజ్ఞలో 'నుస్' వినిపిస్తుంది, మామూలు వాక్యంలో 'జానుహున్ఛ' అని 'ను' తర్వాత 'హున్ఛ' వస్తుంది. గబగబా మాట్లాడేటప్పుడు ఆ 'హు' సగం మింగేస్తారు. అందుకే కొత్తవాళ్ళు దాన్ని కింది మెట్టు అనుకుని పొరబడతారు.

ఇప్పుడు రాణీపౌవాలో జీపు దిగి గుడికి నడక మొదలుపెట్టే చోటు చూద్దాం. యాత్రికుడికి అరవై ఏళ్ళు, గైడుకు నలభై, బ్యాగు మోసే కుర్రాడికి పద్దెనిమిది.

గైడు: తపాయీ కహాఁ బాట ఆఉనుభయో?
(మీరు ఎక్కడి నుంచి వచ్చారండి?)
యాత్రికుడు: మ హైదరాబాద్ బాట ఆఎఁ. దాయి, యో ఝోలా కస్లే బోక్ఛ?
(హైదరాబాద్ నుంచి వచ్చాను. ఈ సంచి ఎవరు మోస్తారండి?)
గైడు: భాఇలే బోక్ఛ. తపాయీ బిస్తారై హిఁడ్నుస్.
(తమ్ముడు మోస్తాడు. మీరు మెల్లగా నడవండి.)
గైడు, కుర్రాడితో: భాఇ, తిమీ అగాడి జాఊ.
(తమ్ముడూ, నువ్వు ముందు వెళ్ళు.)

కుర్రాడి దగ్గర మీరు 'వెళ్ళండి' అని రాశారు, అది తప్పు. 'తిమీ'లో చిన్నచూపు లేదు, చనువుతో కూడిన చిన్నరికం ఉంది. అది 'నువ్వు తమ్ముడూ'లో సరిగ్గా వస్తుంది. 'దాయి'ని 'అన్నా' అని రాసినా తప్పు కాదు. ఇక్కడ అరవై ఏళ్ళాయన నలభై ఏళ్ళవాణ్ణి మర్యాదకే దాయి అంటున్నాడు కాబట్టి నేను 'అండి'తో సరిపెట్టాను.

'భాఇ' దగ్గర మాత్రం చాలా జాగ్రత్త. హిందీ అలవాటుతో మనవాళ్ళు గైడును 'భాయ్' అనీ, 'తుమ్'కు దగ్గరగా ఉందని 'తిమీ' అనీ పిలుస్తారు. నేపాలీలో భాఇ అంటే తమ్ముడే. నలభై ఏళ్ళ మనిషిని ఆ రెండు మాటలతో పిలిస్తే కూలీ కుర్రాడి మెట్టుకు దింపినట్టే. తెలంగాణలో పెద్దవాళ్ళను కూడా ప్రేమగా 'నువ్వు' అనే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకు ఇది మరీ కష్టం. ఆ ప్రేమను 'తిమీ'లోకి తేకండి, 'దాయి, తపాయీ' అనండి. గైడు పిలుపుకు 'హజూర్' అని పలికితే దాన్ని 'తమరు' చేయకండి. అక్కడ అది 'చెప్పండి' అనడమే.

అక్కడ లేని మనిషి గురించి మాట్లాడేటప్పుడు మన భాష చక్కగా సరిపోతుంది. ఊ జాన్ఛ, ఉనీ జాన్ఛన్, ఉహాఁ జానుహున్ఛ. వాడు వెళ్తాడు, అతను వెళ్తాడు, ఆయన వెళ్తారు. ఆడవాళ్ళకైనా నేపాలీలో 'ఉహాఁ' ఒక్కటే, తెలుగులో 'ఆవిడ' అని మార్చుకోవాలి.

ఇక అసలు సంగతి డబ్బు. నడక అయ్యాక వచ్చే మాటలివి:

యాత్రికుడు: భాఇలాయీ కతి దినే?
(తమ్ముడికి ఎంత ఇవ్వాలి?)
గైడు: తపాయీలాయీ జతి మన్ లాగ్ఛ, దినుస్.
(మీకు ఎంత ఇవ్వాలనిపిస్తే అంత ఇవ్వండి.)

ఆ 'దినే' రూపంలో ఏ మెట్టూ లేదు. ఎవరిని ఎలా పిలవాలో తేలనప్పుడు నేపాలీలు 'కహాఁ జానే?' అంటారు, మనం 'ఎక్కడికి ప్రయాణం?' అన్నట్టే. మీ యాత్రికులకు ముందు నేర్పాల్సింది ఈ రూపమే. గైడు జవాబులో మర్యాద నిండుగా ఉంది, అంకె లేదు. ఎక్కువ ఇచ్చి బాధపడేదీ, తక్కువ ఇచ్చి మాట పడేదీ అక్కడే. అందుకే నడక మొదలుపెట్టే ముందే 'పహిలే భన్నుస్ దాయి, కతి?' అనే వాక్యం మీ సంభాషణలో చేర్చండి. ముందే చెప్పండి, ఎంత? 'నుస్' ఉంది కాబట్టి అడగడంలో మోటుతనం ఉండదు.

అతను 'పాంచ్ సయ' అంటే అది 500. నేపాలీ రూపాయలా, మనవా అన్నది ఆ మాటలో లేదు. మన 100కి అక్కడివి 160 కాబట్టి మన 500 అంటే అక్కడ 800. ఏ నోట్లు చెల్లుతాయి, ఏ పర్మిట్లు కావాలి అన్నవి బయల్దేరే ముందు అధికారిక సమాచారంలో చూసుకోవచ్చు. సంభాషణకు మాత్రం ఇంకో చిన్న ప్రశ్న చాలు. అది అక్కడ అందరికీ అర్థమవుతుంది: 'ఎన్సీ కి ఐసీ?' తెలుగులో 'నేపాలీ రూపాయలా, మనవా అండి?' అని రాయండి. ఆ 'అండి' వదలకండి.