పుచ్చకాయ, కర్బూజ, పైనాపిల్: కొనేటప్పుడే పండి ఉండాలి

కొత్తగా అమెరికా వచ్చినవాళ్లు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. పుచ్చకాయ, కర్బూజ, పైనాపిల్ పచ్చిగా ఉన్నా తెచ్చేసి, నాలుగు రోజులు కిచెన్‌లో పెడితే మాగుతుందిలే అనుకుంటారు. మామిడికాయని గడ్డిలోనో బియ్యం డబ్బాలోనో పెట్టి మాగబెట్టిన అలవాటు మనది. మామిడి, అరటి కాయల్లో పిండిపదార్థం ఉంటుంది కాబట్టి కోశాక కూడా అది చక్కెరగా మారుతుంది. ఈ మూడింటిలో అలా మారడానికి పిండి నిల్వ లేదు. తోటలో తీగ మీదో మొక్క మీదో ఉన్నప్పుడు ఎంత తీపి పట్టిందో అంతే. కర్బూజ ఒక్కటే ఇంట్లో కాస్త మెత్తబడి వాసన తెచ్చుకుంటుంది కానీ దాని తీపి కూడా పెరగదు. అందుకే మొత్తం జాగ్రత్త షాపులోనే పడాలి.

మన ఊళ్లో బండి దగ్గర పుచ్చకాయకి గంటు పెట్టి ఎర్రటి ముక్క తీసి చూపించేవాళ్లు, నచ్చితేనే తీసుకునేవాళ్లం. ఇక్కడ పెద్ద అట్టపెట్టెలో రాశిగా పోసి ఉంటాయి, కోసి చూపించే మనిషి ఉండడు. కాబట్టి ముందు కాయని తిప్పి అడుగు చూడండి. నేలకి ఆనిన చోట ఒక మచ్చ ఉంటుంది. అది వెన్న రంగులో, ఇంకా బాగుంటే పసుపు పచ్చగా ఉందంటే కాయ తీగ మీద సరిపడా రోజులు ఉన్నట్టు. తెల్లగానో లేత ఆకుపచ్చగానో ఉంటే తొందరపడి కోసినట్టు, దాన్ని వదిలేయండి. తొక్క నిగనిగలాడుతుంటే మురిసిపోవద్దు, పండిన కాయ కొంచెం మసకగా ఉంటుంది.

తర్వాత బరువు. కాయకి ఇంత అని ధర పెట్టే షాపుల్లో ఇది మరీ ముఖ్యం. మొన్న జులైలో మా పక్క అపార్ట్‌మెంట్‌కి కొత్తగా వచ్చిన అబ్బాయిని తీసుకెళ్లి, చూడ్డానికి ఒకే సైజున్న రెండు కాయలు తూకం మీద పెట్టించాను. ఒకటి 14 పౌండ్లు, ఇంకోటి 17. బరువైనదాని మచ్చ పసుపు, తేలికదాని మచ్చ దాదాపు తెలుపు. ఎడమ అరచేతిలో కాయని పట్టుకుని కుడిచేతి వేళ్ల కణుపులతో కొట్టి వినమన్నాను. పచ్చిది ‘టంగ్ టంగ్’ అని సన్నగా, బిగుతుగా పలికింది. పండింది ‘డబ్ డబ్’ అని లోతుగా పలికి, కింద పట్టుకున్న అరచేతికి ఆ అదురు తెలిసింది. మూడో రకం కూడా ఉంటుంది, దిండు మీద కొట్టినట్టు చప్పగా పలికితే లోపల పీచుగా, మెత్తగా అయిపోయి ఉంటుంది. చప్పుడు ఒక్కటే నమ్మితే మోసపోతాం, నా లెక్కలో మచ్చ ముందు, బరువు తర్వాత, చప్పుడు ఆఖరున. కోశాక తెల్లటి చిన్న గింజలు కనిపిస్తే పచ్చిదని అనుకోవద్దు, గింజల్లేని రకాల్లో అవి మామూలే.

కర్బూజకి చప్పుడుతో పని లేదు. ఇక్కడ క్యాంటలూప్ అని రాసి ఉంటుంది. పైన వలలాగా అల్లుకున్న గీతల మధ్య తొక్క రంగు చూడండి, ఆకుపచ్చ పోయి లేత పసుపుకి తిరిగి ఉండాలి. తొడిమ ఉండాల్సిన చోట నున్నటి గుంట ఉంటే కాయ పండి తనంతట తాను తీగ నుంచి ఊడినట్టు. అక్కడ తొడిమ ముక్క ఇంకా అంటుకుని ఉంటే పచ్చిగా కోసినట్టు. దాని అవతలి కొసని, అంటే పువ్వు రాలిన బొడ్డుని, బొటనవేలితో మెల్లగా నొక్కితే కాస్త లొంగాలి, తియ్యటి వాసన రావాలి. ఫ్రిజ్‌లో పెట్టి అమ్మేవాటికి పండినా వాసన సరిగా తెలియదు, అలాంటప్పుడు రంగునీ గుంటనీ నమ్మండి. ఒక్కమాట, కోసేముందు పారే నీళ్ల కింద బ్రష్‌తో రుద్ది కడగండి. ఆ గరుకు తొక్కలో దాగిన సూక్ష్మజీవులు కత్తితోపాటు లోపలికి పోతాయి. 2011లో కొలరాడో కర్బూజల వల్ల లిస్టీరియా అనే సూక్ష్మజీవి సోకి 30 మందికి పైగా చనిపోయారు. కోసిన ముక్కలు వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయాలి.

పైనాపిల్‌కి అడుగే అన్నీ చెబుతుంది. ఇక్కడ దొరికేవి ఎక్కువగా కోస్టారికావి, తొక్క సగం ఆకుపచ్చగా ఉన్నా లోపల పండి ఉండొచ్చు, కాబట్టి రంగు ఒక్కటే చూసి వద్దనుకోవద్దు. తిరగేసి అడుగున వాసన చూడండి. పండు వాసన వస్తే తీసుకోండి, పులిసిన వాసనో వెనిగర్ ఘాటో వస్తే, బూజు కనిపిస్తే వదిలేయండి. నడినెత్తిన ఆకు పీకితే సులువుగా వస్తే పండినట్టు అంటారు, నేను చాలాసార్లు చూశాను, పచ్చి వాటికీ ఊడి వస్తుంది. చేతికి బరువుగా ఉండి, నొక్కితే గట్టిగానే ఉంటూ కొద్దిగా లొంగితే చాలు. ఇది కింద నుంచి పైకి పండుతుంది కాబట్టి అడుగు భాగమే ఎక్కువ తీపి. చక్రాల్లా కోస్తే ఆకుల వైపు ముక్క వచ్చినవాళ్లకి పులుపే మిగులుతుంది. నిలువుగా నాలుగు బద్దలు చేసి, మధ్య బొండు తీసేసి పంచండి.