కన్వర్షన్ ఆర్బిట్రేజ్: తెరమీద 7,500, చేతికొచ్చేసరికి నష్టం

ప్రశ్న: "షేరు కొని, అదే స్ట్రైక్‌లో కాల్ అమ్మి, పుట్ కొంటే రిస్క్ లేకుండా లాభం ఖాయం అంటున్నారు. దీన్నే కన్వర్షన్ అంటారట, తిరగేస్తే రివర్సల్ అట. నా దగ్గర ఆరు లక్షలున్నాయి. నాలాంటి చిన్న ట్రేడర్ చేయొచ్చా?"

చేయొద్దు. నేను సరిగ్గా మీరు చెప్పిన డబ్బుతోనే చేశాను. 2024 మొదట్లో, నెలవారీ ఎక్స్‌పైరీకి ఇంకా 24 రోజులున్నప్పుడు. లెక్కలన్నీ పుస్తకంలో రాసిపెట్టుకున్నాను కాబట్టి దాదాపు ఉన్నవి ఉన్నట్టే చెబుతాను.

షేరు 502 దగ్గరుంది, లాట్ వెయ్యి షేర్లు. 500 కాల్ 19.50, 500 పుట్ 10 చూపిస్తోంది. షేరు కొని, పుట్ కొని, కాల్ అమ్మితే నా చేతి నుంచి పోయేది 502 + 10 – 19.50, అంటే 492.50. ఎక్స్‌పైరీ నాడు షేరు 500 పైన ఉంటే కాల్ కొన్నవాడికి 500కి ఇచ్చేస్తాను. కింద ఉంటే నా పుట్ వాడుకుని 500కే అంటగడతాను. ఎటు పోయినా 500 చేతికొస్తుంది. షేరుకు 7.50, లాట్‌కు 7,500. ఐదు లక్షల మీద 24 రోజుల్లో ఒకటిన్నర శాతం. ఇండియాలో షేర్ ఆప్షన్లు 2011 నుంచి యూరోపియన్ పద్ధతివే కాబట్టి, మధ్యలో ఎవరో కాల్ ఎక్సర్‌సైజ్ చేసి షేరు అడుగుతారన్న భయం కూడా లేదు. పొద్దున పదకొండున్నరకి షాపులో కౌంటర్ వెనక కూర్చుని ఈ లెక్క వేసుకున్నప్పుడు నా గుండె ఎంత వేగంగా కొట్టుకుందో నాకిప్పటికీ గుర్తు.

తప్పు అక్కడే జరిగింది. నేను చూసినవి ఎల్‌టీపీలు, అంటే చివరిసారి ట్రేడ్ అయిన ధరలు. పుట్‌లో ఆ 10 రూపాయల ట్రేడ్ జరిగి చాలాసేపైంది. అప్పుడు షేరు 506 దగ్గరుంది. షేరు నాలుగు రూపాయలు దిగింది, పుట్ ధర మాత్రం తెరమీద అక్కడే నిలబడిపోయింది, ఎందుకంటే ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. కాల్‌లో 19.50 ఎవరో కొనేవాడు తొందరపడి ఆస్క్ దగ్గర, అంటే అమ్మేవాడు అడిగినదానికే, ఎత్తుకున్న ధర. నేను అమ్మితే వచ్చేది బిడ్, అంటే కొనేవాడు ఇస్తానన్న ధర. రెండు వేర్వేరు సమయాల ధరల్ని పక్కపక్కన పెట్టి తీసేస్తే వచ్చినదాన్ని నేను లాభం అనుకున్నాను. మార్కెట్ డెప్త్ తెరిచి చూస్తే షేరు ఆస్క్ 502.20, కాల్ బిడ్ 18.20, పుట్ ఆస్క్ 12.40. ఎప్పుడైనా ఇలాగే లెక్కవేయాలి:

```
గ్యాప్ = స్ట్రైక్ – (షేరు ఆస్క్ + పుట్ ఆస్క్ – కాల్ బిడ్)
       = 500 – (502.20 + 12.40 – 18.20)
       = 3.60
```

ఏడున్నర కాస్తా మూడున్నర అయింది. టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే ఎక్సెల్ షీట్లన్నీ ఎల్‌టీపీ మీదే నడుస్తాయి, అందుకే వాటిలో రోజూ పదీ ఇరవై అవకాశాలు పచ్చగా వెలుగుతుంటాయి. ఆ షీట్లను నెలకు ఇంతని అమ్ముకుంటున్నారు కూడా. షీటు చేసినవాడు ఒక్కసారి మూడు ఆర్డర్లు తన డబ్బుతో పెట్టి ఉంటే దాన్ని అమ్మడానికి మనసొప్పేది కాదని నా నమ్మకం. ఇది నాకు నిజంగా కోపం తెప్పించే విషయం, ఎందుకంటే అది నమ్మి డబ్బు పెట్టేవాళ్లు మా ఊరివాళ్లే, మా షాపుకొచ్చేవాళ్లే.

సరే, 3.60 అయినా చాలనుకుని మొదలుపెట్టాను. షేరు క్యాష్ సెగ్మెంట్‌లో, కాల్, పుట్ ఆప్షన్ సెగ్మెంట్‌లో. నా యాప్‌లో మూడింటినీ కలిపి "ఈ తేడా వస్తేనే కొట్టు" అని చెప్పే వీలు లేదు. ముందు షేరు కొన్నాను, 502.20. కాల్‌ను 18.20కి లిమిట్ పెట్టేలోపు షేరు ఒక రూపాయి పైచిలుకు జారింది. 18.20 దగ్గరున్న బిడ్ మాయమైంది. కిందికి దింపుకుంటూ పోయి 17.60కి అమ్మాను, పుట్ 13కి దొరికింది. అన్నీ కుదిరేసరికి ఖర్చు 497.60, మిగిలిన గ్యాప్ 2.40. లాట్‌కు 2,400. షేరు, కాల్, పుట్ అనే మూడు కాళ్లలో మొదటిది వేశాక మిగతా రెండూ వేసేదాకా మనం ఆర్బిట్రేజ్‌లో లేము. ఐదు లక్షల షేరును రక్షణ లేకుండా పట్టుకుని నిలబడ్డాం, అంతే.

ఇప్పుడు ఖర్చులు. షేరు కొన్నప్పుడు ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను 0.1 శాతం, 502 రూపాయలు. ఎక్స్‌పైరీలో షేరు డెలివరీ ఇచ్చినప్పుడు మళ్లీ 0.1 శాతం, 500. 2019 అక్టోబర్ నుంచి షేర్ డెరివేటివ్‌లన్నీ డెలివరీతోనే సెటిల్ అవుతున్నాయి కాబట్టి దీన్ని తప్పించుకోలేం. ఆ డెలివరీకి నా బ్రోకర్ 0.25 శాతం తీసుకుంటాడని నాకు ముందు తెలియదు. అది 1,250, దాని మీద జీఎస్‌టీతో 1,475. స్టాంపు డ్యూటీ, ఆర్డర్ బ్రోకరేజీ, ఎక్స్చేంజ్ చార్జీలు, డీమ్యాట్ చార్జీ అన్నీ కలిపి ఇంకో 165. మొత్తం 2,640 పైనే. వచ్చిన 2,400లోంచి తీసేస్తే 240 నష్టం. అదే డబ్బును ఏడు శాతం ఎఫ్‌డీలో ఉంచినా 24 రోజులకు 2,300 దాకా వచ్చేది.

డబ్బు కంటే నన్ను ఎక్కువ నలిపింది ఎక్స్‌పైరీ వారం. అమ్మిన కాల్‌కు హామీగా మార్జిన్ 95 వేల దాకా కట్టాలి. చేతిలో మిగిలిన నగదుతో మొదట్లో తేలిగ్గానే గడిచింది. షేర్లు డీమ్యాట్‌కి వచ్చాక వాటిని మార్జిన్ కోసం తాకట్టు పెట్టాను, అంటే ప్లెడ్జ్ చేశాను. మార్జిన్‌లో సగం నగదుగా ఉండాలన్న నిబంధన ఉంది కాబట్టి మిగతా సగానికి ఆ ప్లెడ్జ్ సరిపోయింది. ఊరట దొరికిందని 40 వేలు వెనక్కి తీసి షాపు స్టాకిస్టుకు చెక్కు ఇచ్చాను. తర్వాత షేరు 540కి పోయింది. నాకు నష్టమేం లేదు, షేరులో వచ్చింది కాల్‌లో పోతోంది. కానీ షేరులో పెరిగింది డీమ్యాట్‌లో ఉంది, కాల్ కోసం అడిగే మార్జిన్ మాత్రం 1,35,000 అయింది.

సోమవారం బ్రోకర్ నుంచి మెసేజ్: డెలివరీ ఇవ్వాలి కాబట్టి షేర్లు అన్‌ప్లెడ్జ్ చేసుకోండి, లేకపోతే షార్ట్ డెలివరీ అయి ఆక్షన్‌కి పోతుంది. అన్‌ప్లెడ్జ్ చేస్తే ఆ షేర్ల మీద వచ్చిన మార్జిన్ పోతుంది, అప్పుడు మొత్తం నగదు పెట్టాలి. నా దగ్గర 62 వేలే ఉంది. హెల్ప్‌లైన్ కుర్రాడితో "బాబూ, షేర్లు నా దగ్గరే ఉన్నాయి, పుట్ ఉంది, కాల్ ఉంది, నాకు రిస్క్ ఎక్కడుంది?" అని గట్టిగానే అడిగాను. "సార్, మీకు రిస్క్ లేదండీ, కానీ సిస్టమ్‌కి ఆ మూడూ కలిపి కనబడవండీ" అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. బాబాయికి ఫోన్ చేసి 75 వేలు అడిగాను. ఆయన ఎందుకని అడగలేదు, సాయంత్రానికి వేశారు. ఎంతమందికి అలా వేసే బాబాయి ఉంటాడు? లేకపోయుంటే ఆ రోజే మూడు కాళ్లూ మార్కెట్ ధరకు విరగ్గొట్టేసేవాణ్ని. షేరు స్ట్రైక్ కంటే 40 రూపాయలు పైకి పోయాక ఆ కాల్‌లో బిడ్‌కీ ఆస్క్‌కీ మధ్య మూడు రూపాయల తేడా ఉంది.

ఇదే గ్యాప్‌ను సొంత డబ్బుతో ట్రేడ్ చేసే సంస్థల ప్రాప్ డెస్కులు ఎలా తింటాయని మీరడగొచ్చు. వాళ్లలో ఎక్కువమంది షేరు ముట్టుకోరు, దాని బదులు ఫ్యూచర్ కొంటారు. నేను చేసిన నాటికి ఫ్యూచర్ అమ్మకం మీద ఎస్‌టీటీ 0.0125 శాతమే. డెలివరీకి రెండువైపులా కలిపి 0.2. ఫ్యూచర్, కాల్, పుట్ మూడూ ఒకే సెగ్మెంట్, మార్జిన్ కూడా సిస్టమ్ కలిపే లెక్కేస్తుంది. బ్రోకరేజీ వాళ్లకు దాదాపు లేదు. కాబట్టి ఐదొందల షేరులో అర్ధరూపాయి గ్యాప్ వచ్చినా వాళ్ల మెషీన్లు మూసేస్తాయి. నాకు ఖర్చులే షేరుకు 2.64. అంటే నా వంతుకు తెరమీద ఏదైనా మిగిలిందంటే, అది వాళ్లు వదిలేసిందే, వదిలేయడానికి కారణం ఉండే ఉంటుంది. ఆ కారణం పాత ధరైనా కావచ్చు, డివిడెండ్ అయినా కావచ్చు. ఎక్స్‌పైరీలోపు మామూలు డివిడెండ్ ఉంటే షేరు ఆ మేరకు తగ్గుతుందని ముందే పుట్ ఖరీదుగా, కాల్ చవగ్గా ఉంటాయి. అది చూసి రివర్సల్ దొరికిందనుకునేవాళ్లను చూశాను.

రివర్సల్ గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే అది మనకు తలుపు మూసి ఉన్న గది. అందులో షేరు అమ్మి, కాల్ కొని, పుట్ అమ్మాలి. మన దగ్గర లేని షేరును క్యాష్ సెగ్మెంట్‌లో రాత్రికి అమ్మి ఉంచలేం, ఇంట్రాడే వరకే. నిలిపి ఉంచాలంటే ఎస్‌ఎల్‌బీలో షేరు అప్పు తెచ్చుకోవాలి. అక్కడ చాలా షేర్లకు అప్పిచ్చేవాడే దొరకడు, దొరికితే అడిగే వడ్డీ ఆ గ్యాప్ అంత ఉంటుంది. ఆ గ్యాప్ పుట్టిందే షేరు అప్పు దొరక్క. 2000 మార్చిలో అమెరికాలో 3కామ్ తన పామ్ కంపెనీలో కొద్ది భాగాన్ని లిస్ట్ చేసినప్పుడు ఇదే జరిగింది. అప్పుకు షేర్లు లేవు, పుట్‌లు కాల్‌ల కంటే చాలా ఖరీదు పలికాయి. ఆ తేడా అందరికీ కనబడింది, తీసుకోగలిగినవాళ్లు మాత్రం కొద్దిమందే.

అసలు కన్వర్షన్ అంటే డబ్బు అప్పివ్వడమే. ఈ రోజు 497 ఇచ్చి ఎక్స్‌పైరీకి 500 తీసుకుంటున్నారు. పంతొమ్మిదో శతాబ్దంలో న్యూయార్క్‌లో రసెల్ సేజ్ అనే ఫైనాన్షియర్ వడ్డీ పరిమితి చట్టం దాటి ఎక్కువ వడ్డీ రాబట్టుకోవడానికి ఈ కలయికనే వాడుకున్నాడని చెబుతారు. ఆయన అప్పు పుచ్చుకునేవాడితో ఎదురెదురుగా కూర్చుని ధర మాట్లాడుకున్నాడు. మీరూ నేనూ తెర మీద కనబడ్డ బిడ్‌కి అమ్మి, ఆస్క్‌కి కొని, రెండువైపులా పన్ను కట్టి అప్పిస్తున్నాం. మీ ఆరు లక్షలకు అలాంటి వడ్డీయే కావాలనుకుంటే ఆర్బిట్రేజ్ ఫండ్లున్నాయి, అవి షేరు కొని ఫ్యూచర్ అమ్మి ఇదే రకం పని పెద్దఎత్తున చేస్తాయి.

నేనిప్పటికీ అప్పుడప్పుడూ పైన రాసిన లెక్క వేస్తూనే ఉంటాను, బిడ్, ఆస్క్‌లతో మాత్రమే. మొన్న అదే షేరులో వేస్తే ఎనభై పైసలు వచ్చింది. ఆర్డర్ విండో తెరవలేదు.