రాటుదేలానంటున్నారు, మరి నిద్రెందుకు పట్టదు?

"మావారు రోడ్డు ప్రమాదంలో పోయి రెండేళ్లు. బ్యాంకు పనులు, స్కూటీ నడపడం నేర్చుకున్నాను. 'కష్టం నిన్ను రాటుదేల్చింది, ఏదైనా మన మంచికే' అంటుంది మా పెద్దాడపడుచు. నాకేమో రాత్రిళ్లు నిద్ర ఉండదు. ఆ రోడ్డు వైపు వెళ్లలేను. కష్టం తర్వాత మనిషి ఎదుగుతాడంటారే, నాలో లోపమేమైనా ఉందా?"

లోపం లేదు. గాయం తర్వాత ఎదుగుదల అనే మాటను ప్రచారంలోకి తెచ్చిన అమెరికా మనస్తత్వవేత్తలు టెడెస్కీ, కాల్హూన్‌లు కూడా ఎదుగుదల ఉంటే బాధ ఉండదని అనలేదు. వాళ్ల లెక్కలో మనిషిని మార్చేది దెబ్బ కాదు. 'జాగ్రత్తగా ఉంటే ఏమీ కాదు' లాంటి నమ్మకాలు ఆ దెబ్బకు కూలిపోతాయి. ఇక ఎలా బతకాలని మనిషి మళ్లీ మళ్లీ ఆలోచించుకుంటాడు. మార్పు వస్తే ఆ ఆలోచనలోంచే వస్తుంది. మీకు రాత్రిళ్లు వద్దన్నా ప్రమాదమే కళ్ల ముందుకొస్తుంటే అది ఈ ఆలోచన కాదు, గాయం ఇంకా పచ్చిగా ఉందన్నమాట.

ఈ ఎదుగుదలను కొలవడానికి వాళ్లు 1996లో ఇచ్చిన ప్రశ్నావళిలో 21 వాక్యాలున్నాయి. అన్నీ మంచి మార్పుల గురించే. 'మనుషుల మీద నమ్మకం పోయింది' అని చెప్పుకోవడానికి అందులో చోటే లేదు. పైగా దెబ్బకు ముందు ఎలా ఉన్నామో గుర్తు తెచ్చుకుని ఇప్పటితో పోల్చి చెప్పాలి. మనం పాత మనల్ని కాస్త తక్కువ చేసి చూసుకుంటే చాలు, ఎదిగినట్టే కనిపిస్తుంది. 2009లో మనస్తత్వవేత్త ఫ్రేజియర్ బృందం కాలేజీ విద్యార్థులు ఎలా ఉన్నారో ముందే కొలిచి, రెండు నెలల తర్వాత మళ్లీ కొలిచింది. ఆ మధ్యలో దెబ్బ తిన్నవాళ్లలో, 'మారాను' అన్న మాటకూ కొలతలో కనిపించిన మార్పుకూ పెద్దగా పొంతన లేదు. ఎదిగానని గట్టిగా చెప్పినవాళ్లలో బాధ పెరిగింది కూడా. అలాగని వాళ్లు అబద్ధమాడారని కాదు. అలా అనుకోవడం కూడా బాధను తట్టుకునే ఒక దారి.

అందుకే 'నేను ఎదిగానా' అని అడగడం మాని, చేసినవి రాయండి. గత నెలలో బ్యాంకుకు ఎవరి తోడూ లేకుండా ఎన్నిసార్లు వెళ్లారు? మనసు విప్పి ఎవరితో మాట్లాడారు? ప్రమాదానికి ముందు నెలలో ఇవి ఎలా ఉండేవో ఇంట్లో మరొకరిని అడగండి, మీ జ్ఞాపకమొక్కటే చాలదు. బ్యాంకు, స్కూటీ మీకు నిజంగా వచ్చిన నేర్పులే. కానీ గతిలేక నేర్చుకున్నవాటిని నష్టానికి దక్కిన బహుమతి అనుకోనక్కర్లేదు.

నిద్ర, ఆ రోడ్డు వేరే సంగతి. రెండేళ్లయినా తగ్గలేదంటే సైకియాట్రిస్టునో, గాయం మీద పనిచేసే చికిత్స తెలిసిన క్లినికల్ సైకాలజిస్టునో కలవండి. ధైర్యం పరీక్షించుకోవడానికి ఒంటరిగా ఆ రోడ్డుకు వెళ్లొద్దు. చికిత్సలో అది మెట్టుమెట్టుగా జరిగే పని. ఎవరిని కలవాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

మీ ఆడపడుచుతో మాత్రం, "వదినా, పనులు నేర్చుకున్నాను, నిజమే. మంచికే అని మాత్రం అనకు" అనండి. ఆవిడా తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషే. ఆ మాట తనకు తాను చెప్పుకుంటోందేమో.