శాంపిల్ కస్టమ్స్‌లో ఆగిందని డబ్బు కట్టమంటున్నారు, కట్టొచ్చా?

"మాది చెన్నైలో చిన్న లెదర్ పర్సుల యూనిట్. ఒక విదేశీ కంపెనీ మెయిల్‌లో 8,000 పీసులకు ఆర్డర్ ఇచ్చింది. శాంపిల్ పంపాం. అది కస్టమ్స్‌లో ఆగింది, 540 డాలర్లు కట్టి విడిపించండి అంటున్నారు. కట్టొచ్చా?"

కట్టకండి. 2019లో నేను కట్టి పోగొట్టుకున్నాను.

మాది పెరియమెట్‌లో బెల్టుల పని. 12,000 బెల్టులకు ఆర్డర్ వచ్చింది. నేను చెప్పిన రేటుకు ఒక్క రూపాయి కూడా బేరమాడలేదు. తోలు మందం ఎంత, బకిల్ ఏ లోహం అని కూడా అడగలేదు. అప్పుడే అనుమానం రావాల్సింది. నిజంగా కొనేవాడు వీటి మీదే పది మెయిల్స్ రాస్తాడు. ఆరు బెల్టులు కొరియర్ చేశాను. వారం తర్వాత "క్లియరింగ్ ఏజెంట్" 620 డాలర్లు అడిగాడు. బ్యాంకులో విదేశాలకి డబ్బు పంపే ఏ2 ఫారం నింపేటప్పుడు చూస్తే, డబ్బు వెళ్లేది కంపెనీకి కాదు, ఎవరో వ్యక్తి ఖాతాకి. అయినా పంపేశాను. నాలుగు రోజులకే రిజిస్ట్రేషన్ ఫీజు అంటూ ఇంకో మెయిల్ వచ్చింది. అప్పుడు కొరియర్ సైట్‌లో ట్రాకింగ్ నంబర్ కొట్టి చూశాను. పార్సెల్ డెలివరీ అయి తొమ్మిది రోజులైంది, సంతకం కూడా ఉంది. మీరూ ముందు ఆ పని చేయండి. వాళ్లు పంపిన లింకులో కాదు, కొరియర్ సొంత సైట్‌లోనే చూడండి.

అసలు వాళ్ల దేశంలో దిగుమతి సుంకం కట్టాల్సింది దిగుమతి చేసుకునే వాళ్లే. సుంకంతో సహా అన్నీ మనమే కట్టి సరుకు చేర్చే డీడీపీ షరతు మీద ఒప్పుకుంటే మాత్రమే అది మన నెత్తిన పడుతుంది. మీ కొటేషన్ ఎఫ్ఓబీ చెన్నై అయితే, అంటే చెన్నైలో ఓడ ఎక్కించేవరకే మీ బాధ్యత అయితే, సరుకు సుంకం గురించి మిమ్మల్ని అడిగే హక్కే వాళ్లకి లేదు. శాంపిల్ సుంకం ఎవరు కట్టాలని కొరియర్ బుకింగ్‌లో మీరు ఎంచుకున్నారో చూడండి. మీరే కడతానని అందులో ఒప్పుకున్నా, బిల్లు కొరియర్ కంపెనీ నుంచే వస్తుంది, మధ్యలో ఏజెంట్ ఖాతాకి పంపాల్సిన పని ఉండదు.

శాంపిల్ ఉచితంగా అడగడమే మోసం అనలేం, మంచి కొనుగోలుదారులూ అడుగుతారు. ఇప్పుడు నేను వాళ్లని ఒకటే అడుగుతాను: మీ కొరియర్ అకౌంట్ నంబర్ ఇవ్వండి, ఖర్చు దాని మీద వేస్తాను, శాంపిల్ ధర మొదటి ఆర్డర్‌లో తగ్గిస్తాను అని. దొంగవాడైతే ఆ మెయిల్‌కి జవాబివ్వడు, లేదా మళ్లీ ఏదో ఫీజు అంటాడు.

ఎల్‌సీ, అంటే డబ్బు చెల్లిస్తామని వాళ్ల బ్యాంకు ఇచ్చే హామీ పత్రం, తెరిచాం అని పీడీఎఫ్ పంపినా సంబరపడకండి. అది మన దేశంలోని బ్యాంకు ద్వారా, బ్యాంకుల మధ్య సందేశాలు నడిచే స్విఫ్ట్‌లో వచ్చి, ఆ బ్యాంకు మీకు తెలియజేస్తేనే లెక్క. ఆ కంపెనీ నిజంగా ఉందో లేదో ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయం వాణిజ్య విభాగానికి మెయిల్ పెట్టి అడగండి.

ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే ఈ రోజే బ్యాంకుకి వెళ్లి చెల్లింపు ఆపమని రాతపూర్వకంగా ఇవ్వండి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. నేను పదకొండు రోజులు ఆగాను, అప్పటికే ఆ ఖాతా ఖాళీ అయిపోయింది.