డాక్టర్ సలహా: ముఖానికి తగ్గ ఫ్రేమ్ సరే, పవర్ ఎప్పుడు చూపించుకున్నారు?

ప్రశ్న: నా వయసు 24. మాది రాయగడ. రెండు కళ్లకూ మైనస్ 5 ఉంది. రెండేళ్ల కిందటి చీటీతోనే ఆన్‌లైన్‌లో కళ్లజోడు తెప్పించుకున్నాను. లోపల 56-18-145 అని ఉంది. నాది సన్నటి ముఖం, జోడు జారిపోతోంది, సాయంత్రానికి తలనొప్పి. తమ్ముడిది వెడల్పు ముఖం. మాకు ఏ సైజులు నప్పుతాయి?

జవాబు: ముందు తలనొప్పి సంగతి చూద్దాం. దానికి ఫ్రేమే కారణమని చూడకుండా నేను చెప్పలేను. రెండేళ్ల నాటి చీటీతో అద్దాలు చేయించడం నాకు నచ్చని పని. షర్టు సైజులా పవర్ అలాగే ఉండిపోదమ్మా.

అయితే మీ ఫ్రేమ్ మీద నాకూ అనుమానమే. 56 ఒక్కో అద్దం వెడల్పు, 18 ముక్కు మీద కూర్చునే బ్రిడ్జి, 145 చెవి మీదకు వెళ్లే కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో. మొదటి రెండూ కలిపితే 74. మీ చీటీలో పీడీ, అంటే రెండు కంటిపాపల మధ్య దూరం, 60 ఉందనుకుందాం. అప్పుడు ఒక్కో అద్దం కేంద్రాన్ని 7 మిల్లీమీటర్లు ముక్కువైపు జరిపి కోయాలి. అందులో 3 తక్కువ జరిపినా మైనస్ 5లో ఒక్కో కంటికి 1.5 ప్రిజమ్ పడుతుంది, అంటే అద్దం వెలుతురును ఆ మేరకు పక్కకు మళ్లిస్తుంది. కళ్లు సర్దుకోవడానికి కష్టపడతాయి, తల పట్టేస్తుంది. సరిగ్గా జరిపినా బయటి అంచు మందంగా వస్తుంది. అదే 48-16 తీసుకుంటే మొత్తం 64, జరపాల్సింది 2 మాత్రమే.

జారడం వేరే సంగతి. బ్రిడ్జి చూసేది ముఖాన్ని బట్టి కాదు, ముక్కును బట్టి. బ్రిడ్జి ముక్కు కంటే వెడల్పుగా ఉంటే జోడు కిందకి దిగుతుంది. అద్దం కంటికి దూరమైతే మైనస్ పవర్ కొంచెం తక్కువగా అందుతుంది, మీరు రోజంతా పైకి తోసుకుంటూ ఉంటారు. మెటల్ ఫ్రేమ్‌లో ముక్కు ప్యాడ్లను దగ్గరికి వంచుకోవచ్చు, ప్లాస్టిక్‌లో ఆ వీలు తక్కువ. కాడ వంపు సరిగ్గా చెవి పైన మొదలవ్వాలి. అది చెవి దాటి వెనక్కి పోతే పట్టు ఉండదు. పొడవైన కాడను షాపులో వేడిచేసి ముందుకు వంచి ఇస్తారు, పొట్టిదాన్ని మాత్రం సాగదీయలేరు.

మీ తమ్ముడికి దీనికి ఉల్టా. ఇరుకు ఫ్రేమ్ పెడితే కాడలు బయటికి విచ్చుకుని కణతల దగ్గర నొక్కుతాయి, జోడు ముందుకు జారుతుంది. 54 నుంచి 56 దాకా అద్దం, 145 లేదా 150 కాడ పెట్టి చూడమనండి. బ్రిడ్జి మాత్రం అతని ముక్కుకు సరిపోవాలి, వెడల్పు ముఖం వాళ్లందరికీ వెడల్పు ముక్కు ఉండదు.

ఇవన్నీ పెట్టి చూసుకుంటేనే తెలుస్తాయి. జిల్లా ఆసుపత్రికైనా, విశాఖకైనా ముందు కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లండి. పవర్, పీడీతో పాటు కంట్లో మందు వేసి రెటీనా కూడా చూడమనండి, మైనస్ 5కి అది అవసరం. ఈలోగా మెరుపులు కనిపించినా, నల్లటి చుక్కలు ఒక్కసారిగా పెరిగినా, ఒక పక్క తెర పడినట్టున్నా ఫ్రేమ్ సంగతి పక్కనపెట్టి అదే రోజు వెళ్లండి.